కారోసెల్ రాయడం: స్లైడ్ మీద ఏది, కింద క్యాప్షన్‌లో ఏది

మా పిన్ని కొత్తపేటలో ఇంటి ముందు గదిలోనే పోచంపల్లి చీరలు అమ్ముతుంది. కిందటేడు దసరా ముందు ఆవిడ ఇన్‌స్టాగ్రామ్ పేజీకి నేనొక కారోసెల్, అంటే పక్కకి జరుపుతూ చూసే బొమ్మల పోస్టు, చేసిపెట్టాను. ఏడు స్లైడ్లు, వాటి కింద పొడుగాటి క్యాప్షన్. ధరలు, టైమింగ్స్, అడ్రస్ అన్నీ అందులో ఉన్నాయి. సాయంత్రానికి నలభై కామెంట్లు వచ్చాయి. ముప్పైకి పైగా ఒకటే మాట: "ప్రైస్ ప్లీజ్."

పిన్ని ఫోన్ చేసి, "అంత రాశావు కదరా, ఒక్కరూ చదవలేదేంటి?" అంది.

రాత్రి కూర్చుని పోస్టుని కొత్తవాళ్లు చూసినట్టు చూశాను. మొదటి స్లైడ్ మీద "పోచంపల్లి చీరల గురించి మీరు తెలుసుకోవాల్సిన విషయాలు" అని ఉంది. క్యాప్షన్ మొదలు "పోచంపల్లి చీరల గురించి మీకు తెలుసా?" అని ఉంది. స్లైడ్ల మీద రాసిందే క్యాప్షన్‌లో పేరాలుగా మళ్లీ రాశాను, ధర మాత్రం నాలుగో పేరాలో ఉంది. పైన చదివిందే కింద మళ్లీ కనిపిస్తే ఎవరైనా రెండో లైను దగ్గరే ఆపేస్తారు. నాలుగో పేరాలో కొత్త సంగతి ఉందని వాళ్లకెలా తెలుస్తుంది?

అదే పోస్టుని పది రోజుల తర్వాత తిరగరాశాను. ఎలా రాశానో వరుసగా చెబుతాను. చీరల బదులు మీకు పచ్చళ్లో, ట్యూషన్లో, క్లినిక్కో ఉండొచ్చు, పద్ధతి మారదు.

క్యాప్షన్‌ని రెండు వేళల్లో చదువుతారు

కారోసెల్‌లో స్లైడ్లు ఎన్ని ఉన్నా క్యాప్షన్ ఒక్కటే. స్లైడ్ మారినా కింద అది మారదు. ఫీడ్‌లో మాత్రం అది పూర్తిగా కనిపించదు. పేజీ పేరు, దాని పక్కన మొదటి కొన్ని మాటలు, తర్వాత more. అంటే మొదటి వాక్యం మొదటి స్లైడ్‌తో పాటే కళ్లబడుతుంది. మిగతాది చాలామంది చివరి స్లైడ్ దాకా వెళ్లాక, ఇంకా ఏదో కావాలనిపిస్తే తెరుస్తారు.

అందుకే నేను క్యాప్షన్‌ని రెండు ముక్కలుగా లెక్కేసుకుంటాను. మొదటి వాక్యం మొదటి స్లైడ్‌కి జోడీ, మిగతాదంతా చివరి స్లైడ్‌కి కొనసాగింపు. మధ్య స్లైడ్లు చూస్తున్నప్పుడు క్యాప్షన్ ఎవరి బుర్రలోనూ ఉండదు. కాబట్టి నాలుగో స్లైడ్ అర్థం కావాలంటే క్యాప్షన్ చదివి ఉండాలి అనే పరిస్థితి ఎప్పుడూ రాకూడదు.

ముందు రెండు కుప్పలు

రాయడానికి కూర్చునే ముందు, చెప్పాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద పడేయండి. అప్పుడు ఒక్కోదాని పక్కన ఒకే ప్రశ్న వేయండి: వచ్చే నెలకి ఇది మారుతుందా?

మారేవి క్యాప్షన్‌లోకి వెళ్తాయి. కారణం చాలా మామూలుది. పోస్ట్ చేశాక క్యాప్షన్‌ని ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. స్లైడ్ మీది అక్షరాలు బొమ్మలో కలిసిపోయి ఉంటాయి కాబట్టి వాటిని దిద్దలేం. మహా అయితే ఆ స్లైడ్‌ని తీసేయొచ్చు. ధరని స్లైడ్ మీద అచ్చేస్తే దీపావళికి రేటు మారిన రోజు పోస్టే అబద్ధమైపోతుంది.

పిన్ని లిస్టులో ధరలు, టైమింగ్స్, స్టాకు ఒక కుప్ప. పోచంపల్లి చీరల నేత ఇక్కత్, దాన్ని ఎలా గుర్తుపట్టాలి అన్నది ఇంకో కుప్ప, అది పదేళ్లయినా మారదు. మూడోది కూడా ఒకటి మిగిలింది, దాన్ని ఏం చేయాలో పిన్నికి నచ్చజెప్పడానికే అరగంట పట్టింది. 1951లో వినోబా భావే భూదానోద్యమం పోచంపల్లిలో మొదలైంది, అందుకే ఊరికి భూదాన్ పోచంపల్లి అని పేరు. "అది చెప్పకుండా పోచంపల్లి గురించి ఏం చెప్తావురా?" అని పిన్ని వాదన. నిజమే, మంచి సంగతి. కానీ చీర అసలుదో కాదో చూసుకోవాలనుకునే మనిషికి అది అక్కర్లేదు. దానికి వేరే పోస్టు రాద్దామని ఒప్పించాను. ఒక కారోసెల్ ఒక ప్రశ్నకే జవాబు చెప్పాలి. మా ప్రశ్న: నా చేతిలో ఉన్నది ఇక్కత్తా, ప్రింటా?

చివరి స్లైడ్‌ని మొదట రాయండి

చదివినవాళ్లు ఆఖరున ఏం చేయాలో తేలకపోతే ముందు స్లైడ్లు ఎటు నడవాలో తెలియదు. నేను వెనక నుంచి వస్తాను: ముందు చివరి స్లైడ్, తర్వాత మొదటిది, ఆ వెంటనే క్యాప్షన్ మొదటి వాక్యం, తర్వాత మధ్యవి, అన్నిటికన్నా ఆఖరున క్యాప్షన్ మిగతా భాగం. క్యాప్షన్ ముందే రాసేస్తే స్లైడ్లు దాని ముక్కలుగా తయారవుతాయి. నా మొదటి పోస్టుకి జరిగింది అదే.

మా చివరి స్లైడ్ ఇలా తేలింది:

"మీ చీర తిరగేసి చూశారా? సందేహం ఉంటే వెనకవైపు ఫొటో పంపండి. ఈ వారం ధరలు, టైమింగ్స్ కింద క్యాప్షన్‌లో."

చివరి వాక్యం చూడండి. క్యాప్షన్‌లో ఏముందో పేరు పెట్టి చెబుతోంది. "మరిన్ని వివరాలకు క్యాప్షన్ చూడండి" అని రాస్తే ఎవరూ కదలరు. వివరాలంటే ఏమిటో తెలియకుండా more నొక్కేంత ఓపిక ఎవరికుంటుంది? "ధరలు" అన్న మాట కనిపిస్తే ధర కావాల్సిన మనిషి నొక్కుతారు.

మొదటి స్లైడ్, క్యాప్షన్ మొదటి వాక్యం

ఈ రెండూ ఒకేసారి కనిపిస్తాయి కాబట్టి ఒకే మాట అనకూడదు. స్లైడ్ ప్రశ్న వేస్తే, క్యాప్షన్ ఆ ప్రశ్న ఎవరికి ఎదురైందో చెప్పాలి. స్లైడ్ ఒక మాట గట్టిగా అంటే, క్యాప్షన్ దాని వెనక మనిషిని చూపించాలి.

మా మొదటి స్లైడ్ మీద పైట ముందువైపు ఫొటో పెట్టి ఇలా రాశాం:

"ఇది ఇక్కత్తా, ప్రింటా? ముందువైపు చూసి చెప్పడం కష్టం."

కింద క్యాప్షన్ మొదటి వాక్యం:

"మొన్న ఒకావిడ ఆరు వేలు పెట్టి కొన్న చీర పట్టుకొచ్చారు."

స్లైడ్‌లో చీర ఉంది, కింద మనిషి ఉన్నారు. రెండూ కలిపి చదివితే ఆవిడకి ఏమైందో ఊహ మొదలవుతుంది. కానీ ఏమైందో రెండింట్లో ఏదీ చెప్పలేదు.

ఇక్కడ తెలుగుతో ఒక చిక్కుంది. more ముందు ఎంత కనిపిస్తుందన్నది ఫోన్‌ని బట్టి మారుతుంది, పైగా పేజీ పేరు అందులో కొంత తినేస్తుంది. మన మాటలేమో పొడుగు. అందుకని అసలు విషయం మొదటి ఏడెనిమిది మాటల్లోనే పడాలి. "నమస్కారం, అందరూ బాగున్నారని ఆశిస్తున్నాం" అని మొదలుపెడితే కనిపించే చోటు మర్యాదలకే సరిపోతుంది. మర్యాద వద్దని కాదు, షాపుకి వచ్చినప్పుడు పిన్ని మంచినీళ్లు ఇస్తుంది, అది చాలు.

రెండో స్లైడ్ ఒంటరిగా కూడా కనిపిస్తుంది

ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. ఒకరు మీ కారోసెల్‌ని చూసి, పక్కకి జరపకుండా కిందకి వెళ్లిపోయారనుకోండి. ఇన్‌స్టాగ్రామ్ చాలాసార్లు అదే పోస్టుని వాళ్లకి మళ్లీ చూపిస్తుంది, ఈసారి రెండో స్లైడ్‌తో. ఈ సంగతి ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి స్వయంగా చెప్పారు. అంటే కొందరికి మీ పోస్టు ముఖం రెండో స్లైడే.

అందువల్ల రెండో స్లైడ్ "అవును, అది నిజం!" అనో, "దానికి కారణం ఇదే" అనో మొదలవకూడదు. ఒంటరిగా చూసినవాళ్లకి "అది" ఏదో తెలియదు. పైగా క్యాప్షన్ మొదటి వాక్యం ఈ స్లైడ్ కిందా అతకాలి. మా రెండో స్లైడ్‌లో రెండు గుడ్డల వెనకవైపులు పక్కపక్కన పెట్టి ఫొటో తీశాం. రాత:

"చీర తిరగేయండి. ఇక్కత్‌కి వెనకా ముందూ డిజైన్ ఒకేలా ఉంటుంది. మామూలు ప్రింట్‌కి వెనక రంగు వెలిసినట్టు ఉంటుంది."

దీని కింద "ఆరు వేలు పెట్టి కొన్న చీర పట్టుకొచ్చారు" అని చదవండి. ఇక్కడా అతుకుతోంది. అతకకపోతే నేను ముందు క్యాప్షన్ వాక్యాన్నే మారుస్తాను, స్లైడ్‌ని కాదు.

మధ్య స్లైడ్లు

ఒక స్లైడ్ మీద ఒక్క సంగతి, పదిహేను మాటలకి మించకుండా ఉంటే మంచిది. మా ఆరో స్లైడ్‌కి పంతొమ్మిది పట్టాయి, దాని కారణం కాసేపట్లో చెబుతాను. పదిహేను అని ఎక్కడా శాసనం లేదు. నేను రాసింది నేనే మెట్రోలో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చూస్తూ చదివి తేల్చుకున్న లెక్క. అంతకన్నా ఎక్కువుంటే అక్షరం చిన్నదవుతుంది, పైగా తెలుగులో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కన్నా ఎక్కువ కావాలి. డిజైన్ చేసేవాళ్లు ఇంగ్లిష్ టెంప్లేట్‌లో తెలుగు అతికిస్తే పై లైను వత్తు కింది లైను గుడిని కొడుతుంది. 1080 × 1350 సైజులో చేస్తుంటే పక్కల కూడా కాస్త చోటు వదలండి, ప్రొఫైల్ గ్రిడ్‌లో ఆ పక్కలు కొంచెం తెగుతాయి.

మన భాషలో ఇంకో సౌకర్యం ఉంది. క్రియ చివర వస్తుంది కాబట్టి వాక్యాన్ని స్లైడ్ అంచున ఆపితే మనసు ఆగదు. మా నాలుగో స్లైడ్:

"డిజైన్ అంచుని బాగా దగ్గరగా చూస్తే..."

ఐదోది:

"...గీత కొంచెం చెదిరినట్టు, ఈకలా ఉంటుంది. ప్రింట్‌లో అదే గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది."

"చూస్తే" దగ్గర ఆపిన వాక్యం వేలిని తనే పక్కకి జరుపుతుంది. కానీ దీన్ని ఒక పోస్టులో ఒక్కసారే వాడండి. ప్రతి స్లైడూ చుక్కలతో ముగిస్తే చదివేవాళ్లకి విసుగొస్తుంది. ఒకటి, రెండు స్లైడ్ల మధ్య మాత్రం అసలే వాడకూడదు, ఎందుకంటే రెండోది ఒంటరిగా కనిపించినప్పుడు సగం వాక్యం వేలాడుతుంది.

మూడో స్లైడ్ కారణం చెబుతుంది: "ఇక్కత్‌లో దారానికే ముందు రంగు వేస్తారు, ఆ తర్వాత నేస్తారు. అందుకే రంగు రెండు వైపులా ఉంటుంది." దారాన్ని ఎక్కడెక్కడ కడతారు, కట్టిన చోటికి రంగు ఎలా అందదు అన్నదంతా పిన్నికి నోటికొచ్చు. అవన్నీ స్లైడ్ మీదకి తేలేదు. క్యాప్షన్‌లో రెండు వాక్యాలుగా వెళ్లాయి. కావాల్సినవాళ్లు అక్కడ చదువుకుంటారు, అక్కర్లేనివాళ్లకి మూడో స్లైడ్ చాలు.

ఆరో స్లైడ్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. తిరగేసి చూడటం అనే పరీక్షకి ఒక హద్దుంది. మరమగ్గం మీద నేసిన ఇక్కత్‌కి కూడా రెండు వైపులా డిజైన్ కనిపిస్తుంది. అంటే ఈ పరీక్ష ప్రింట్‌ని పట్టిస్తుంది కానీ చేనేత అవునో కాదో చెప్పదు. నేను ఈ ముక్కని క్యాప్షన్‌లో పెడదామన్నాను, స్లైడ్లు తేలిగ్గా ఉంటాయని. పిన్ని ఒప్పుకోలేదు. "రెండో స్లైడ్ స్క్రీన్‌షాట్ తీసుకుని షాపుకెళ్తారు. మరమగ్గం చీర చూసి చేనేత అనుకుని కొంటారు. ఆ పాపం మనకెందుకు?" అంది.

ఆవిడ చెప్పిందే సరైనది. దాన్నుంచి నాకొక నియమం దొరికింది: అర్థాన్నే మార్చేసే మినహాయింపు స్లైడ్ మీదే ఉండాలి, వివరాన్ని పెంచే మినహాయింపు క్యాప్షన్‌లోకి వెళ్లొచ్చు. స్క్రీన్‌షాట్‌లో క్యాప్షన్ రాదు. స్టోరీలో షేర్ చేసినా స్లైడే కనిపిస్తుంది. అందుకే ఆరో స్లైడ్ మీద, కాస్త పొడుగైనా సరే, ఇలా రాశాం:

"ఈ పరీక్ష ప్రింట్‌ని మాత్రమే పట్టిస్తుంది. మరమగ్గం ఇక్కత్‌కీ రెండు వైపులా డిజైన్ ఉంటుంది. చేనేత అని నమ్మకం కావాలంటే హ్యాండ్లూమ్ మార్క్ ట్యాగ్ అడగండి."

రెండో స్లైడ్ మూల చిన్న అక్షరాల్లో "హద్దు 6లో" అని కూడా చేర్చాం. ఒక్క ముక్కే తీసుకెళ్లినవాళ్లకైనా హద్దు ఒకటుందని తెలియాలి కదా. ప్రతి స్లైడ్ అడుగున పేజీ పేరు ఉండటం కూడా అందుకే. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేటప్పుడు ఆ పేరొక్కటే మీ దగ్గరికి దారి.

క్యాప్షన్ మిగతా భాగం

ఇప్పుడు ఆఖరి స్లైడ్ నుంచి కిందకి దిగిన మనిషి కోసం రాస్తున్నాం. వాళ్లు స్లైడ్లన్నీ చూసేశారు, పరీక్ష ఏమిటో తెలుసు. దాన్ని మళ్లీ చెప్పొద్దు. మొదటి వాక్యంలో వదిలేసిన కథని ముగించి, ఆ వెంటనే చివరి స్లైడ్ మాటిచ్చిన ధరలు ఇవ్వండి. మాది పిన్ని గొంతులోనే రాశాను:

"మొన్న ఒకావిడ ఆరు వేలు పెట్టి కొన్న చీర పట్టుకొచ్చారు. ముందువైపు చూసి నేనూ ఇక్కత్తే అనుకున్నాను. తిరగేశాక ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. డబ్బు పోయిందని కాదు, కూతురి పెళ్లిలో పోచంపల్లి అని చెప్పి పెట్టారట.

ఈ వారం ధరలు: కాటన్ 2,800 నుంచి, పట్టు 9,500 నుంచి.
టైమింగ్స్: ఉదయం 11 నుంచి రాత్రి 8. ఆదివారం మధ్యాహ్నం 2 వరకే.
కొత్తపేట, విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి ఐదు నిమిషాలు.

ఇక్కత్‌లో డిజైన్‌ని బట్టి దారాన్ని ముందే అక్కడక్కడా గట్టిగా కడతారు. కట్టిన చోటికి రంగు అందదు. అలా రంగు ఎక్కిన దారాలు మగ్గం మీద సరిగ్గా ఒకదాని పక్కన ఒకటి కూర్చోవాలి, వెంట్రుకవాసి జరిగినా గీత చెదురుతుంది. అంచు ఫొటోలో మీరు చూసింది అదే."

ధరలు రెండో పేరాలోనే ఉన్నాయి, ఒక్కో లైనుగా విడిగా ఉన్నాయి. వివరణ ఆఖరున ఉంది. మొదటి పోస్టులో దీన్ని తలకిందులుగా చేశాను. "అంచు ఫొటో" అన్నాను కానీ "5వ స్లైడ్" అనలేదు, గమనించారా? తర్వాత ఎప్పుడైనా ఒక స్లైడ్ తీసేస్తే అంకెలు మారిపోతాయి, క్యాప్షన్‌లోని అంకె తప్పవుతుంది. ఫొటోలో ఉన్న వస్తువు పేరు చెబితే ఆ బెడద లేదు. రెండో స్లైడ్ మూల "6" అని అంకె వేయక తప్పలేదు, అందుకని ఆ ఆరింట్లో దేన్నీ తీయకూడదని పిన్నికి ముందే చెప్పాను.

పోచంపల్లి, ఇక్కత్, చేనేత, కొత్తపేట లాంటి మాటలు క్యాప్షన్‌లో మామూలు వాక్యాల్లోనే వచ్చేలా చూసుకోండి. వెతికేవాళ్లు వాడే మాటలు క్యాప్షన్‌లో ఉంటే పోస్టు దొరకడానికి అది సాయం.

పొడుగు విషయంలో ఒక జాగ్రత్త. క్యాప్షన్‌కి 2,200 అక్షరాల హద్దుంది. చాలా ఎక్కువ అనిపిస్తుంది కానీ ఫోన్ అక్షరాల్ని మనలా లెక్కపెట్టదు. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం. ఫోన్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ లెక్కన తెలుగులో సుమారు రెండొందల యాభై మాటలకే హద్దు దగ్గర పడుతుంది. నోట్స్‌లో పెద్దగా రాసుకుని ఆఖరి నిమిషంలో అతికించేవాళ్లకి తోక తెగేది ఇందుకే.

పోస్ట్ చేసే ముందు మూడు చదువులు

మొదట క్యాప్షన్ మూసేసి స్లైడ్లు మాత్రమే చదవండి. విషయం పూర్తిగా అర్థమవ్వాలి, ధర లాంటిది మాత్రమే మిగలాలి. తర్వాత స్లైడ్లు చూడకుండా క్యాప్షన్ మాత్రమే చదవండి. ఇక్కడ కొంచెం లోటు తెలియాలి, "తిరగేశాక" ఏం కనిపించిందో చూడాలనిపించాలి. ఏ లోటూ తెలియకపోతే క్యాప్షన్ స్లైడ్ల పని కూడా చేసేస్తోందన్నమాట, అప్పుడు కోయండి. మూడోసారి స్లైడ్లనీ క్యాప్షన్‌నీ పక్కపక్కన పెట్టుకుని, రెండు చోట్లా ఉన్న వాక్యం ఏదైనా దొరికితే ఒక చోట కొట్టేయండి. మా మొదటి పోస్టుని ఇలా చూస్తే క్యాప్షన్‌లో పదకొండు వాక్యాలకి తొమ్మిది కొట్టేయాల్సి వచ్చేది.

ఇవన్నీ చేశాక, పోస్టు గురించి ఏమీ తెలియని ఒక్క మనిషికి ఫోన్ ఇచ్చి, మీరు నోరు మూసుకుని వాళ్ల వేలిని చూడండి. నేను మా బాబాయికి ఇచ్చాను. ఐదో స్లైడ్ నుంచి వెనక్కి నాలుగుకి వెళ్లి మళ్లీ ముందుకొచ్చాడు. నాలుగో స్లైడ్‌లో ఫొటో సరిపడా దగ్గర నుంచి తీయలేదని అప్పుడు తెలిసింది. మాటలు బాగానే ఉన్నాయి, ఫొటో మార్చాం.

పోస్ట్ అయ్యాక ఏం చూడాలి

లైకుల కన్నా కామెంట్లలోని ప్రశ్నలు ఎక్కువ చెబుతాయి. స్లైడ్ మీద ఉన్నదాన్నే అడుగుతున్నారంటే పక్కకి జరపట్లేదు, లోపం మొదటి రెండు స్లైడ్లలో ఉంది. క్యాప్షన్‌లో ఉన్నదాన్ని అడుగుతున్నారంటే చివరి స్లైడ్ వాళ్లని కిందకి పంపట్లేదు, లేదా పంపినా కావాల్సింది మరీ అడుగున ఉంది. రెండింట్లోనూ లేనిది అడిగితే అది మంచి ప్రశ్న, దాన్ని క్యాప్షన్‌లో చేర్చేయండి. సేవ్‌లు బాగా ఉండి మెసేజ్‌లు రాకపోతే మీ స్లైడ్లు ఉపయోగపడ్డాయి కానీ, ఆఖరి స్లైడ్ ఏమీ అడగలేదని అర్థం.

రెండో పోస్టుకి "ప్రైస్ ప్లీజ్" నాలుగు వచ్చాయి. అవి ఎప్పుడూ పూర్తిగా పోవు, కొందరికి అడిగి చెప్పించుకుంటేనే తృప్తి. మెసేజ్‌లలో మాత్రం చీరల వెనకవైపు ఫొటోలు రావడం మొదలైంది. వాటిలో ఒకటి మరీ మసగ్గా ఉంది, లైటు వెనక నుంచి పడుతోంది. అలాంటివి ఇంకో మూడొచ్చాక పిన్ని తనే క్యాప్షన్ తెరిచి ఒక లైను చేర్చింది: "ఫొటో పగటి వెలుతురులో, కిటికీ పక్కన తీయండి." దీపావళి వారంలో ధరలు కూడా ఆవిడే మార్చుకుంది. స్లైడ్లు దసరా ముందు పెట్టినవే, ఇప్పటికీ అలాగే ఉన్నాయి.